లూపస్: వంకరపోయిన వేళ్లు, లోపల చచ్చిపోయే తుంటి ఎముక

లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఆ పేరు చెబితే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది బుగ్గల మీద ఎర్రటి మచ్చ, లేదా కిడ్నీ సమస్య. కానీ ఈ జబ్బున్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏదో ఒక దశలో కీళ్లు నొప్పి పెడతాయి, చాలామందికి అన్నిటికంటే ముందు కనిపించేది కూడా అదే. వైజాగ్‌లో కీళ్లనొప్పులకి జ్వరం కూడా తోడైతే ముందు చికున్‌గున్యా అంటారు, నెల దాటినా తగ్గకపోతే కీళ్లవాతం అంటారు, ఈలోపు ఆర్ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు పడిపోతాయి, వాటితో తాత్కాలికంగా తగ్గుతుంది కాబట్టి లూపస్ అనే మాట బయటికి రావడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది.

ఈ వ్యాసంలో కీళ్లనొప్పి మొత్తం గురించి రాయను. లూపస్‌లో ఎక్కువ గందరగోళం పెట్టేవి రెండు. ఒకటి, చూడగానే భయపడేంతగా వేళ్లు వంకరపోతాయి, ఎక్స్‌రే తీస్తే ఎముక శుభ్రంగా ఉంటుంది. రెండోది, బయటికి ఏమీ కనిపించదు, ఎక్స్‌రే కూడా నార్మల్ అంటారు, లోపల తుంటి ఎముక తల మాత్రం రక్తం అందక చచ్చిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్ల టెన్షన్ అంతా మొదటిదాని మీద ఉంటుంది, తొందరపడాల్సింది రెండోదాని గురించి.

ఒక కేసు అనుకుందాం. ఇది ఊహించిందే, కానీ ఇందులో ప్రతి మలుపూ ఈ జబ్బులో మామూలుగా కనబడేదే. గాజువాకలో బట్టలు కుట్టే ఒకావిడ, వయసు 34, బరువు 52 కిలోలు. 27వ ఏట లూపస్ అని తేలింది. 31వ ఏట కిడ్నీకి పాకింది, కాళ్లు వాచాయి, మూత్రంలో ప్రోటీన్ పోయింది. అప్పుడు మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించి, తర్వాత ప్రెడ్నిసొలోన్ రోజుకి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెలల తరబడి తగ్గించుకుంటూ 5కి తెచ్చారు. ఇప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్, కిడ్నీ కోసం మైకోఫెనోలేట్, ఆ 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ వాడుతోంది, కిడ్నీ కుదుటపడింది. ఆవిడ చూపించుకోవడానికి వచ్చింది వేళ్ల కోసం. రెండు చేతుల వేళ్లూ చిటికెనవేలి వైపు ఒరిగిపోతున్నాయి, బొటనవేలు వెనక్కి విరిగినట్టు వంగుతోంది, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోంది. పక్కింటావిడ అప్పటికే తేల్చేసింది, "ఇది కీళ్లవాతమే అక్కా, మా అత్తకీ అచ్చం ఇలాగే అయింది, ఎముకలు తినేసింది" అని. చివర్లో లేచి వెళ్లబోతూ ఆ బట్టలు కుట్టే ఆవిడ ఇంకో మాట అంది, రెండు నెలలుగా కుడి గజ్జల్లో నొప్పిగా ఉంటోందని, మిషన్ తొక్కడం వల్లే అయుంటుందిలే అని.

ముందు చేతుల సంగతి. డాక్టర్ చేసే మొదటి పని చాలా చిన్నది. చెయ్యిని బల్ల మీద బోర్లా పెట్టమంటారు. గాలిలో ఉన్నప్పుడు పక్కకి ఒరిగిపోయి, మధ్యలో మడత పడి ఉన్న ఆ వేళ్లే, బల్ల మీద ఆనించి కొంచెం నొక్కగానే తిన్నగా సర్దుకుంటాయి. చెయ్యి ఎత్తగానే మళ్లీ ఒరిగిపోతాయి. బాగా ముదిరిన కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, ఇలా సర్దుకోవు, ఎందుకంటే అక్కడ కీలు అంచుల్లో ఎముక కొరికేసినట్టు పోయి, కీలు ఆకారమే మారిపోయి ఉంటుంది. లూపస్‌లో వచ్చే ఈ వంకరని జాకూడ్ ఆర్థ్రోపతి అంటారు. 1869లో పారిస్‌లో పనిచేసిన జాకూడ్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించింది లూపస్‌లో కాదు, రుమాటిక్ జ్వరం పదేపదే వచ్చిన రోగిలో. ఇవాళ మాత్రం ఇది ఎక్కువగా కనిపించేది లూపస్ వాళ్లలోనే, సుమారు నూటికి అయిదుగురిలో.

ఎముక బాగుండగా వేళ్లు ఎందుకు వంకరపోతాయంటే, వాపు ఎక్కువగా కీలు చుట్టూ ఉన్న పొర మీదా, ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ల మీదా, కండరాన్ని ఎముకకి కట్టే టెండన్ల తొడుగుల మీదా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వాస్తూ తగ్గుతూ ఉంటే ఆ పొర సాగిపోయిన ఎలాస్టిక్ లాగా వదులైపోతుంది. వేలిని చాపే టెండన్ మామూలుగా పిడికిలి కణుపు మీద నడిమధ్యలో నడుస్తుంది. దాన్ని పట్టుకునే పట్టీ వదులైపోయేసరికి అది జారి రెండు కణుపుల మధ్య సందులో పడుతుంది, చిటికెనవేలి వైపుకి. అక్కణ్ణుంచి కండరం లాగినప్పుడల్లా వేలిని చాపడంతో పాటు పక్కకి కూడా లాగుతుంది. అంటే ఆవిడ ప్రతిసారీ కత్తెర పట్టుకున్నప్పుడు, ప్రతిసారీ బట్ట లాగినప్పుడు, తన కండరాలే ఆ వంకరని ఇంకొంచెం పెంచుతున్నాయి. కాళ్లలో బొటనవేలు పక్కకి తిరిగిపోయేదీ ఈ కారణంతోనే.

ఇక్కడ ఎక్స్‌రే దగ్గర ఒక తమాషా ఉంది. చేతి ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ చెయ్యిని ప్లేట్ మీద చదునుగా నొక్కి పెట్టమంటారు కదా, ఆ నొక్కుడుకే వేళ్లు తిన్నగా అయిపోతాయి, ఫిల్మ్‌లో వంకర కూడా కనిపించదు! రిపోర్టులో "నార్మల్" అని వస్తుంది, ఆవిడ తన చేతుల వంక చూసుకుని ఆ రిపోర్టు వేరేవాళ్లదేమో అనుకుంటుంది. అందుకే బంతి పట్టుకోబోతున్నట్టు అరచేతులు సగం పైకి తిప్పి, ప్లేట్ మీద నొక్కకుండా ఇంకో ఫిల్మ్ తీయించడం మేలు. అందులో వంకర కనిపిస్తుంది, ఎముక అంచులు కొరుక్కుపోలేదని కూడా తేలుతుంది. ఎమ్మారైలోనో, మంచి అల్ట్రాసౌండ్‌లోనో చూస్తే కొందరిలో చిన్నచిన్న కొరుకులు కనిపిస్తాయి కాబట్టి "ఎముకకి అస్సలు ఏమీ కాదు" అని ఘంటాపథంగా చెప్పలేం, కానీ కీళ్లవాతంలో లాగా కీలుని నాశనం చేసే స్థాయిలో ఉండవు.

పక్కింటావిడ మాట పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. కొద్దిమందిలో లూపస్, కీళ్లవాతం రెండూ కలిసే వస్తాయి, దానికి రుపస్ అని ఒక పేరు పెట్టారు. అలాంటివాళ్లలో ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు నిజంగానే కనిపిస్తుంది, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా వచ్చే అవకాశం ఎక్కువ. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిందని మాత్రం కీళ్లవాతం అని ముద్ర వేసేయకూడదు, లూపస్ ఒక్కటే ఉన్నవాళ్లలోనూ అది చాలామందికి పాజిటివ్ వస్తుంది. మన కేసులో ఆవిడకి యాంటీ సీసీపీ నెగటివ్, ఎక్స్‌రేలో ఎముక శుభ్రం. కాబట్టి జాకూడే.

అయితే ఎముక బాగుంది కదా అని వదిలేయాలా? వద్దు. సర్దుకునే వంకర ఏళ్లు గడిచేకొద్దీ సర్దుకోని వంకరగా గట్టిపడొచ్చు, చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయి. వైద్యం రెండు వైపులా నడవాలి, లోపల వాపు తగ్గించడం ఒకవైపు, వేళ్లని సరైన వరసలో ఉంచడం ఇంకోవైపు. రాత్రిపూట వేళ్లు పక్కకి పోకుండా పట్టుకునే స్ప్లింట్, పగలు బొటనవేలికి చిన్న పట్టీ, కత్తెరకి లావు పిడి, మిషన్‌కి దారం ఎక్కించే పరికరం, ఇవన్నీ చిన్న విషయాల్లాగే ఉంటాయి గానీ ఆవిడ పని సాగేది వీటితోనే. స్ప్లింట్ వంకరని వెనక్కి తెస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇంకా ముదరకుండా కొంత ఆపుతుందేమో అంతే. ఆపరేషన్ చేసి టెండన్లని మళ్లీ మధ్యలోకి తెచ్చి కుట్టినా, వదులైపోయిన కణజాలం కాబట్టి చాలామందిలో మళ్లీ జారిపోతాయి. బొటనవేలు కీలుని కదలకుండా అతికించేసే ఆపరేషన్ మాత్రం ఎక్కువకాలం నిలుస్తుంది, పట్టు కూడా వస్తుంది.

మందుల్లో పునాది హైడ్రాక్సీక్లోరోక్విన్. కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 52 కిలోల ఆవిడకి 260. అంత కచ్చితంగా బిళ్ల దొరకదు కాబట్టి ఒకరోజు 200, మరునాడు 300 వేసుకుంటే సగటున 250 అవుతుంది, సరిపోతుంది. కళ్ల వెనక పొర మీద ప్రభావం ఉండొచ్చు కనుక మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేయిస్తారు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి ఇంకా ముందు నుంచే. దీంతో కీళ్లు లొంగకపోతే మామూలుగా వేసేది మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి మాత్రమే, తోడుగా ఫోలిక్ యాసిడ్. ఈ "వారానికి ఒక్కసారి" అన్నది చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాయించుకోండి, రోజూ వేసేసుకుని నోరంతా పుండ్లు పడి రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. గర్భం కావాలనుకునేవాళ్లకి మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ రెండూ పనికిరావు, ముందే ఆపి వేరే మందుకి మారాలి. అప్పటికీ లొంగకపోతే బెలిముమాబ్, అనిఫ్రోలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, ఖర్చు మాత్రం మామూలు కుటుంబం మోసేది కాదు. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్ లాంటివి, కిడ్నీకి లూపస్ పాకిన మన ఆవిడకి అసలు వద్దు.

ఇప్పుడు ఆవిడ వెళ్తూ వెళ్తూ అన్న గజ్జల నొప్పి. నా లెక్కలో ఆ రోజు ఆవిడ చెప్పిన అసలు సంగతి అదే.

తొడ ఎముక పైన బంతిలా ఉండే తలకి రక్తం తెచ్చే నాళాలు సన్నవి, ఎముక మెడని అంటిపెట్టుకుని పైకి పాకుతాయి, దారి మూసుకుపోతే పక్కదారి పెద్దగా ఉండదు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడినప్పుడు మూలుగలో కొవ్వు కణాలు ఉబ్బి లోపల ఒత్తిడి పెరుగుతుంది, చిన్న నాళాల్లో రక్తపు గడ్డలు, కొవ్వు అడ్డుపడతాయి, ఎముక కణాలు నేరుగా కూడా దెబ్బతింటాయి. స్టెరాయిడ్ ఒక్కటే కాకుండా లూపస్ కూడా రక్తనాళాల మీద దాడి చేస్తుంది కాబట్టి అంతే మోతాదు వేరే జబ్బుకి వాడినవాళ్లకంటే లూపస్ వాళ్లలో ఇది ఎక్కువ కనబడుతుంది. రక్తం అందక ఎముక ఇలా చచ్చిపోవడాన్ని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, ఆసుపత్రుల్లో ఏవీఎన్ అనేస్తారు. లూపస్‌లో ఎక్కువగా తుంటికే వస్తుంది, తర్వాత మోకాలు, భుజం.

దీని టైమింగే జనాన్ని మోసం చేసేది. చచ్చిపోవడం జరిగేది ఎక్కువ మోతాదు మొదలుపెట్టిన మొదటి కొన్ని నెలల్లోనే, ఎమ్మారై వరసగా తీసి చూసిన పరిశోధనల్లో మచ్చలు ఒకటి నుంచి ఆరు నెలల లోపే కనిపించాయి. కానీ అప్పుడు నొప్పి ఉండదు. చచ్చిన ఎముక కూడా కొంతకాలం బరువు మోస్తుంది. చిత్రమేమిటంటే శరీరం దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాకే అసలు ప్రమాదం, ఎందుకంటే కొత్త ఎముక కట్టడానికి ముందు పాత ఎముకని కరిగిస్తుంది, ఆ మధ్యకాలంలో ఆ చోటు బలహీనపడుతుంది, నడుస్తుండగా పైపెంకు కింద సన్నటి పగులు వస్తుంది, తర్వాత గుండ్రటి తల అణిగిపోతుంది. నొప్పి గట్టిగా మొదలయ్యేది సాధారణంగా ఈ దశలో. అందుకే 31వ ఏట వేసిన 50 మిల్లీగ్రాములకి 34వ ఏట నొప్పి రావడం వింతేమీ కాదు, "ఇప్పుడు అయిదే కదా వాడుతున్నాను" అనేది ధైర్యం ఇచ్చే మాట కాదు. మళ్లీ జబ్బు తిరగబెట్టి మోతాదు పెంచాల్సి వస్తే కొత్త మచ్చలు కూడా రావచ్చు.

రోజుకి 20 మిల్లీగ్రాములు దాటాక ప్రమాదం బాగా పెరుగుతుంది. మొత్తం జీవితంలో ఎన్ని బిళ్లలు మింగారన్నదానికంటే, ఆ మొదటి నెలల్లో ఎంత ఎక్కువ వాడారన్నదే ముఖ్యం. దీనికి పొగ, మద్యం తోడైతే ఇంకా చెడ్డది. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో సికిల్‌సెల్ ఉండటం అరుదు కాదు, అదొక్కటే కూడా తుంటిని ఇలా చంపగలదు, కాబట్టి ఆ ప్రాంతం నుంచి వచ్చిన వాళ్లకి ఆ పరీక్ష కూడా చేయాలి. ఇంకోటి, ఊళ్లలో పొట్లాల్లో అమ్మే పేరులేని కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే సందర్భాలు ఉన్నాయి. చీటీలో ఎక్కడా లేని స్టెరాయిడ్ ఒంట్లో ఎంతుందో ఎవరూ లెక్క కట్టలేరు.

ఎలా గుర్తుపట్టాలి? తుంటి కీలు నొప్పి గజ్జల్లో వస్తుంది, తొడ ముందువైపు దిగుతుంది, ఒక్కోసారి మోకాలి దగ్గరే తెలుస్తుంది, దాంతో మోకాలికి ఎక్స్‌రే తీసి నార్మల్ అని పంపేస్తారు. పక్కకి తిరిగి పడుకుంటే తుంటి బయటివైపు నొప్పి పెడితే అది ఎక్కువగా అక్కడి కండరం, తొడుగుల నొప్పి, వేరే సంగతి. మన ఆవిడని అడిగితే చెప్పింది, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతోంది, బస్సు ఎక్కేటప్పుడు కుడికాలు పైకి పెడితే గజ్జల్లో పొడిచినట్టు ఉంటోంది, మెట్లు దిగేటప్పుడు కుంటుతోంది. పడుకోబెట్టి మోకాలు మడిచి కాలిని లోపలికి తిప్పితే మధ్యలోనే ఆగిపోయింది, అమ్మా అంది. ఈ ఒక్క కదలిక తగ్గడం చాలా బలమైన సూచన. దీంతో పాటు జ్వరం ఉండి, ఒకే కీలు ఉన్నట్టుండి కదపలేనంత నొప్పిగా మారితే అది చీము పట్టడం కావచ్చు, స్టెరాయిడ్ వాడేవాళ్లు అప్పుడు రేపటిదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేకుండా, నేల మీంచి లేవడానికి బలం చాలకపోతే అది కండరాల సమస్య, దానికి దారి వేరు.

ఎక్స్‌రే తీశారు, "హిప్ జాయింట్ నార్మల్" అని వచ్చింది. ఇక్కడే చాలా కేసులు ఆగిపోతాయి. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించడానికి ఏమీ ఉండదు, నెలల తర్వాతే తెలుస్తుంది. పైగా ముందు నుంచి తీసిన మామూలు ఫిల్మ్‌లో కనిపించని పగులు, కప్పకాళ్ల భంగిమలో, అంటే మోకాళ్లు మడిచి బయటికి చాపి తీసినప్పుడు, సన్నటి నెలవంక గీతలా కనిపించవచ్చు. ఆవిడకి అదే జరిగింది, రెండో ఫిల్మ్‌లో కుడివైపు ఆ గీత కనిపించింది. అయినా ఎమ్మారై తప్పదు, అదీ రెండు తుంటిలకీ, ఎందుకంటే సగం మందికి పైగా రెండోవైపు కూడా ఉంటుంది, ఆ వైపు అప్పటికింకా నొప్పే ఉండదు. ఎమ్మారైలో కుడివైపు పెద్ద మచ్చ, పైన ఎముక కొంచెం అణిగింది. ఎడమవైపు మధ్యస్థంగా ఒక మచ్చ, గుండ్రదనం చెడలేదు.

ఈ రెండు తుంటిలకీ వైద్యం ఒకటి కాదు. ఎడమవైపు తల ఇంకా అణగలేదు కాబట్టి కోర్ డీకంప్రెషన్ చేయొచ్చు, తొడ పక్కనుంచి ఎముకలోకి రంధ్రం చేసి ఆ మచ్చ దాకా వెళ్లి లోపలి ఒత్తిడి తగ్గించడం. తర్వాత సుమారు ఆరు వారాలు చంకకర్రలు. అణగకముందు చేస్తేనే దీనికి అర్థం ఉంటుంది, మచ్చ పెద్దదైతే చేసినా అణిగిపోయే అవకాశం ఉంది, మచ్చ బాగా చిన్నదై బరువు పడే చోట లేకపోతే ఏమీ చేయకుండా కొన్ని నెలలకోసారి చూసుకుంటూ ఉన్నా సరిపోతుంది. ఎముక గట్టిపడే బిస్ఫాస్ఫొనేట్ మందులు ఏవీఎన్‌ని ఆపుతాయా అంటే పరిశోధనలు ఒక మాట మీద లేవు, పిల్లలు కావాలనుకునే వయసులో అవి ఇంకా ఆలోచించి వేయాలి. మంచం మీద పడుకుని విశ్రాంతి తీసుకుంటే ఎముక బతుకుతుందన్నది మాత్రం నిజం కాదు.

కుడివైపు అణిగిపోయింది కాబట్టి రంధ్రం వల్ల లాభం లేదు. నొప్పి భరించగలిగినంతకాలం ఎడమచేతిలో కర్ర పట్టుకుని నడవడం (నొప్పి ఉన్నవైపు కాదు, ఎదుటివైపు చేతిలో పట్టుకుంటేనే తుంటి మీద భారం తగ్గుతుంది, దాదాపు అందరూ తప్పు చేతిలోనే పట్టుకుంటారు), నొప్పి నిద్ర పట్టనివ్వనప్పుడు తుంటి మార్పిడి. 34 ఏళ్లకే మార్పిడి అంటే ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకుంటారు, కానీ ఇప్పటి కీళ్లు చాలామందిలో ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తున్నాయి. ఆపరేషన్‌కి ముందు లూపస్ అదుపులో ఉండాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపనక్కర్లేదు, స్టెరాయిడ్ వాడుతున్న సంగతి మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఇదంతా చదివి ఇవాళ రాత్రే స్టెరాయిడ్ ఆపేద్దామనిపిస్తే దయచేసి ఆపకండి. వారాల తరబడి వాడినవాళ్లకి ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోతూ ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలిపోవచ్చు, లూపస్ కూడా తిరగబెట్టవచ్చు. మన కేసులో ఆ 50 మిల్లీగ్రాములు లేకపోతే కిడ్నీలు పోయేవి, ఆ రోజు వేసిన డాక్టర్‌ది తప్పు కాదు. మారింది ఏమిటంటే ఇప్పుడు పద్ధతి వేరు, కిడ్నీకి పాకినప్పుడు కూడా సెలైన్‌లో ఎక్కించాక నోటి మోతాదు మునుపటికంటే తక్కువతో మొదలుపెట్టి త్వరగా దించుతున్నారు. 2023లో వచ్చిన యూరప్ రుమటాలజీ మార్గదర్శకాలు రోజువారీ స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములు దాటకూడదని, వీలైతే పూర్తిగా మానేయాలని చెబుతున్నాయి. కీళ్లనొప్పి కోసం 20 మిల్లీగ్రాములు నెలల తరబడి వేసుకుంటూ, పక్కన మెథోట్రెక్సేట్ గానీ ఇంకో మందు గానీ లేకుండా చీటీ నడుస్తుంటే, వచ్చేసారి వెళ్లినప్పుడు "దీన్ని తగ్గించడానికి ఇంకేం కలపొచ్చు డాక్టర్ గారూ" అని అడగండి, గజ్జల్లో నొప్పి ఉంటే దాన్ని చివర్లో కాకుండా మొదటి మాటగా చెప్పండి.